రెగ్యులర్ భాషల ఛేదనం: లబ్ధ నిర్మాణం

రెండు రెగ్యులర్ భాషల ఛేదనం కూడా రెగ్యులర్ భాషే. దీనికి సూటి నిరూపణ లబ్ధ నిర్మాణం. మైకేల్ రాబిన్, డానా స్కాట్ 1959లో వెలువరించిన పత్రంలో ఇది కనిపిస్తుంది.

ఒక పదాన్ని మొదట ఒక యంత్రానికి, తరవాత రెండోదానికి ఇవ్వడం కుదరదు. పరిమిత ఆటోమేటన్ పదాన్ని వెనక్కి వెళ్లి మళ్లీ చదవలేదు. అందుకే రెంటినీ ఒకేసారి నడిపిస్తాం. కొత్త యంత్రంలో ప్రతి స్థితీ ఒక జంట `(p, q)`. అక్షరం చదివినప్పుడు మొదటి భాగం మొదటి యంత్రం నియమం ప్రకారం, రెండోది రెండో యంత్రం నియమం ప్రకారం మారతాయి.

ఉదాహరణకు, `A` యంత్రం `a`లు సరి సంఖ్యలో ఉన్న పదాలను, `B` యంత్రం `b`తో ముగిసే పదాలను అంగీకరిస్తాయనుకుందాం. `A`లో `p0` సరి, `p1` బేసి. `B`లో చివరి అక్షరం `b` అయితే `q1`, లేకుంటే `q0`. `aab` చదివితే నడక ఇది:

```
(p0,q0) -a-> (p1,q0) -a-> (p0,q0) -b-> (p0,q1)
```

`(p0,q1)` ఒక్కటే అంగీకార స్థితి, కాబట్టి `aab` చెల్లుతుంది. `ab` మాత్రం `(p1,q1)` దగ్గర ఆగి తిరస్కరణ పొందుతుంది.

నిరూపణకు పదం పొడవుపై గణితానుగమనం చాలు. ఖాళీ పదానికి రెండు యంత్రాలూ ప్రారంభ స్థితుల్లోనే ఉంటాయి. `w` చదివాక జంటలోని భాగాలు ఆయా యంత్రాలు విడిగా చేరే స్థితులే అయితే, మరో అక్షరం చదివాకా అదే నిజం. సంక్రమణ నియమాన్ని అలాగే నిర్వచించాం. కనుక జంటలో రెండు భాగాలూ అంగీకార స్థితులైనప్పుడే పదం రెండు భాషల్లోనూ ఉంటుంది. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: ఏదో ఒక భాగం అంగీకార స్థితి అయితే చాలనుకుంటే వచ్చేది ఛేదనం కాదు, సమ్మేళనం.

`m`, `n` స్థితుల యంత్రాల నుంచి `mn` స్థితులు వస్తాయి. చేరుకోలేని జంటలను తీసేయవచ్చు గానీ, ప్రతిసారీ తగ్గింపు దొరకదు. `a`ల సంఖ్య `m`తో, `b`ల సంఖ్య `n`తో నిశ్శేషంగా భాగింపబడాలన్న భాషకు `mn` స్థితులూ తప్పనిసరి.