కర్ణమే భుజమైతే: దీర్ఘఘన కర్ణ గణనం – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
దీర్ఘఘనంలో ఒక మూల నుండి దానికి పూర్తిగా ఎదురుగా ఉన్న మూలకు గల దూరాన్ని లంబకోణ త్రిభుజ సిద్ధాంతాన్ని రెండుమార్లు వర్తింపజేసి కనుగొంటారు. మొదటి త్రిభుజంలో కర్ణంగా ఉన్న రేఖ రెండవ త్రిభుజంలో భుజమవుతుంది. ఈ మార్పుకు ఆధారమైన రెండవ లంబకోణం ఎక్కడిదన్న ప్రశ్నను శుల్బసూత్రాలు, ఆర్యభటీయ వ్యాఖ్యానం, తెలుగు గణిత సంప్రదాయం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కర్ణం, అక్ష్ణయా, ఊర్ధ్వభుజ, దీర్ఘఘనం, షడశ్రి, ఖాత వ్యవహారం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు గణిత పరిభాషలో ‘కర్ణం’ రెండు పనులు చేస్తుంది. లంబకోణ త్రిభుజంలో లంబకోణానికి ఎదుటి భుజం కర్ణమే. చతుర్భుజంలో ఎదురెదురు శీర్షాలను కలిపే రేఖా కర్ణమే. ఇంగ్లీషులో ఈ రెండింటికీ వేర్వేరు పదాలున్నాయి. దీర్ఘఘనం దగ్గరకు వచ్చేసరికి తెలుగు పదం మూడవ పని కూడా చేపడుతుంది. ఘనం లోపలి నుండి మూలకు మూల వెళ్లే రేఖను కూడా కర్ణమనే అంటారు. ఒకే లెక్కలో ముఖం కర్ణం, త్రిభుజ కర్ణం, ఘన కర్ణం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఈ పదైక్యం ఒక వైపు లెక్కను సులభం చేస్తుంది, మరొక వైపు అందులోని కీలకమైన మెట్టును కప్పివేస్తుంది. ఆ మెట్టు చరిత్రను గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం.

2. నేల మీది కర్ణం:

భారతీయ సంప్రదాయంలో ఈ సిద్ధాంతం త్రిభుజంతో కాక దీర్ఘచతురస్రంతో మొదలవుతుంది. దీర్ఘచతురస్రపు పొడవు, వెడల్పు వేరువేరుగా ఏర్పరచే వర్గాలు రెండింటినీ దాని అక్ష్ణయా రజ్జువు, అంటే మూలకు మూల పట్టిన తాడు, ఒక్కటే ఏర్పరుస్తుందని బౌధాయన, ఆపస్తంబ శుల్బసూత్రాలు చెబుతాయి. తెలుగునాట వైదిక సంప్రదాయంలో ఎక్కువగా అనుసరించేది ఆపస్తంబ సూత్రాన్నే. మహావేది నిర్మాణంలో తూర్పు పడమరల మధ్య దూరం 36 ప్రక్రమాలు, పడమటి భుజం 30 ప్రక్రమాలు. పడమటి భుజంలో సగం 15. కాబట్టి 15, 36 భుజాలకు కర్ణం 39 అవుతుంది. ఇది 5, 12, 13 అనే త్రికానికి మూడు రెట్లు.

ఇక్కడ తాడు నేల మీదే పరుచుకుంటుంది. అగ్నిచితిని అయిదు వరుసల ఇటుకలతో పేర్చేవారు కనుక ఎత్తు ఆ నిర్మాతలకు తెలియనిది కాదు. అయినా అక్ష్ణయా సూత్రం చెప్పేది సమతలంలోని ఆకృతి గురించే. మూడవ కొలత దానిలో చేరాలంటే నిట్టనిలువు రేఖకు ఒక పేరు, దాని లంబత్వానికి ఒక ఆధారం కావాలి.

3. ఊర్ధ్వభుజ:

ఆ పేరు ఆర్యభటీయంలో కనిపిస్తుంది. క్రీ.శ. 499 నాటి కాలాన్ని పేర్కొనే ఈ గ్రంథంలోని గణితపాదం ‘షడశ్రి’ అనే ఘనాన్ని ప్రస్తావిస్తుంది. ఆరు అంచులు, నాలుగు త్రిభుజ ముఖాలు గల ఆకృతి అది. దాని శిఖరం నుండి ఆధారానికి దిగే నిలువు రేఖ ఊర్ధ్వభుజ. క్రీ.శ. 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్య రచించిన మొదటి భాస్కరుడు ఈ గ్రంథాన్ని అశ్మకతంత్రమని వ్యవహరించాడు. అశ్మకం గోదావరీ తీరపు జనపదం. దాని రాజధాని పోదన నేటి తెలంగాణలోని బోధన్ అని చరిత్రకారులు గుర్తిస్తున్నారు.

భాస్కరుడు ప్రతి అంచూ 12 గల షడశ్రిని ఉదాహరణగా తీసుకొని దాని ఊర్ధ్వభుజ వర్గం 96 అని చూపాడు. ఆ లెక్క నడిచే క్రమం ఇది. ఆధార త్రిభుజంలో ఒక భుజాన్ని సగం చేస్తే 6. కర్ణం 12 కనుక లంబం వర్గం 144 – 36 = 108. సమబాహు త్రిభుజ కేంద్రం నుండి శీర్షానికి గల దూరం ఆ లంబంలో మూడింట రెండు వంతులు. కాబట్టి దాని వర్గం 108లో తొమ్మిదింట నాలుగు వంతులు, అంటే 48. ఇప్పుడు ఈ దూరం నేల మీది భుజం, ఊర్ధ్వభుజ నిలువు భుజం, ఏటవాలు అంచు 12 కర్ణం. అందువల్ల ఊర్ధ్వభుజ వర్గం 144 – 48 = 96.

సిద్ధాంతం ఇక్కడ రెండుమార్లు పనిచేసింది. మొదటిసారి నేల మీద, రెండవసారి నేలకు నిలువుగా ఉన్న తలంలో. దీర్ఘఘన కర్ణ గణనకు కావలసిన కదలిక ఇదే.

4. షడశ్రి – సమఘనం:

ఈ రెండింటి బంధం పోలికతో ఆగదు. ఒక సమఘనంలో ఒక్కొక్క ముఖం నుండి ఒక్కొక్క కర్ణాన్ని, ఒక మూల విడిచి ఒక మూల కలిసేలా ఎంచుకుంటే ఆరు కర్ణాలు ఒక షడశ్రిని ఏర్పరుస్తాయి. షడశ్రి అంచు 12 అయితే సమఘన ముఖ కర్ణం 12, దాని వర్గం 144. అది భుజ వర్గానికి రెట్టింపు కనుక భుజ వర్గం 72. ముఖ కర్ణాన్ని భుజంగా తీసుకొని నిలువు అంచుతో రెండవమారు సిద్ధాంతాన్ని వర్తింపజేస్తే ఘన కర్ణ వర్గం 144 + 72 = 216. యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ 13వ పుస్తకంలోని 15వ ప్రతిపాదన చెప్పేదీ ఇదే: సమఘనాన్ని చుట్టిన గోళపు వ్యాసం మీది వర్గం సమఘన భుజం మీది వర్గానికి మూడు రెట్లు.

216లో తొమ్మిదింట నాలుగు వంతులు 96. అంటే భాస్కరుని ఊర్ధ్వభుజ ఆ సమఘన కర్ణంలో సరిగ్గా మూడింట రెండు వంతులు. అది ఆ కర్ణం వెంటే సాగుతుంది.

ఈ బంధం మరొక విషయాన్ని కూడా తేటపరుస్తుంది. షడశ్రి ఘనఫలానికి ఆర్యభటీయం ఆధార వైశాల్యాన్ని ఊర్ధ్వభుజతో గుణించి సగం తీసుకోమంటుంది. దాని ప్రకారం భాస్కరుడు పొందిన ఫలం √93312, సుమారు 305.5. భుజ వర్గం 72 గల సమఘనపు ఘనఫలం సుమారు 610.9. అంటే సూత్రం ఇచ్చినది సమఘనంలో సరిగ్గా సగం. కాని సమఘనం నుండి షడశ్రిని వేరు చేయాలంటే నాలుగు మూలలను కోయాలి. ఒక్కొక్క మూల ముక్క సమఘనంలో ఆరవ వంతు. నాలుగు ముక్కలూ పోగా మిగిలేది మూడవ వంతు, సుమారు 203.6. ఊర్ధ్వభుజ గణన నిర్దుష్టం. దోషం ఘనఫల సూత్రంలోని ‘సగం’లో ఉంది. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో సూచ్యాకార ఘనాలకు మూడవ వంతునే చెప్పాడు. ఘనఫలాన్ని, కర్ణాన్ని వేర్వేరు ప్రశ్నలుగా చూసినప్పుడు ఒకదానిలోని సరైన లెక్క మరొకదానిలోని పొరపాటును పట్టి ఇవ్వలేదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

5. తెలుగు గణితంలో క్షేత్రం, ఖాతం:

రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహం ఈ రెండు ప్రశ్నలను రెండు అధ్యాయాల్లో ఉంచింది. భుజ, కోటి, కర్ణాల సంబంధం క్షేత్రగణిత వ్యవహారంలో ఉంది. గోతులు, ఇటుక కట్టడాల ఘనఫలాలు ఖాత వ్యవహారంలో ఉన్నాయి. పావులూరి మల్లన ఈ గ్రంథాన్నే తెలుగు పద్యాల్లోకి తెచ్చి, తొలి తెలుగు గణిత గ్రంథకర్తగా నిలిచాడు. కర్ణం అన్న పదం తెలుగు గణితంలో స్థిరపడిన నేపథ్యం ఇది.

ఖాతంలో పొడవు, వెడల్పు, లోతు మూడూ ఉంటాయి. అయితే అక్కడి ప్రధాన ప్రశ్న ఎంత మట్టి తవ్వాలి, ఎంత ధాన్యం పడుతుంది అన్నది. దానికి మూడు కొలతలనూ గుణిస్తే చాలు. గోతిలో మూలకు మూల ఎంత పొడవు కర్ర పడుతుందన్న ప్రశ్న వేరు. దానికి క్షేత్ర వ్యవహారపు సూత్రాన్ని ఖాతంలోకి దింపాలి.

6. మైదుకూరు తొట్టి:

ఆ దింపే పనిని ఒక ఉదాహరణతో చూడవచ్చు. కడప జిల్లా మైదుకూరు వైపు పశువుల కోసం నాపబండలతో కట్టే నీళ్ల తొట్టిని ఊహించుకుందాం. లోపలి కొలతలు పొడవు 12 అడుగులు, వెడల్పు 4 అడుగులు, లోతు 3 అడుగులు. చివరి బండ మీద వెడల్పు, లోతులతో లెక్కిస్తే 16 + 9 = 25, ముఖ కర్ణం 5 అడుగులు. ఈ 5ను భుజంగా, పొడవు 12ను రెండవ భుజంగా తీసుకొంటే 25 + 144 = 169, ఘన కర్ణం 13 అడుగులు. శుల్బసూత్రాల త్రికమే ఇక్కడ నిలువునా లేచింది. అడుగు నుండి మొదలుపెట్టినా ఫలితం మారదు: 144 + 16 = 160, దానికి లోతు వర్గం 9 కలిపితే మళ్లీ 169.

సాధారణంగా దొర్లే పొరపాటు రెండవ మెట్టులోనే ఉంటుంది. చివరి బండ కర్ణం 5ను తొట్టి పొడవుతో కాక ఆ బండ వెడల్పు 4తోనే జతచేస్తే 25 + 16 = 41 వస్తుంది. ఆ కర్ణం, ఆ వెడల్పు ఒకే ముఖంలో ఉన్నాయి. వాటి మధ్య లంబకోణం లేదు. వచ్చిన √41 సుమారు 6.4 అడుగులు, తొట్టి పొడవులో సగం కంటే కొంచెమే ఎక్కువ. ఘన కర్ణం ఏ అంచుకన్నా, ఏ ముఖ కర్ణంకన్నా పొడవుగా ఉండాలి కనుక తప్పు వెంటనే తెలిసిపోతుంది.

పొడవు అంచుకు, చివరి బండ కర్ణానికి మధ్య లంబకోణం ఎలా వచ్చింది? ఆ అంచు వెడల్పుకు లంబం, లోతుకూ లంబం. ఒక రేఖ తాను తాకే తలంలోని రెండు ఖండన రేఖలకు లంబమైతే, ఆ బిందువు గుండా ఆ తలంలో గీసిన ప్రతి రేఖకూ లంబమే. ఇది ‘ఎలిమెంట్స్’ 11వ పుస్తకం 4వ ప్రతిపాదన. రెండవమారు సిద్ధాంతాన్ని వాడే హక్కు దీనివల్లనే కలుగుతుంది.

ఆ హక్కు లేనప్పుడు ఏమవుతుందో అదే తొట్టిలో చూడవచ్చు. అడుగు, పై అంచుల దీర్ఘచతురస్రాలు సరిగ్గా ఉండి, లోతు 3 అడుగులుగానే ఉండి, చివరి బండలు రెండూ పొడవు దిశలో ఒకే వైపుకు 3 అంగుళాలు ఒరిగాయనుకుందాం. అడుగున మూలకు మూల కొలిస్తే రెండు కర్ణాలూ √160, సుమారు 12.65 అడుగులు, తేడా కనిపించదు. పై అంచు దగ్గరా అంతే. ఘన కర్ణాల సంగతి వేరు. ఒక దిక్కున పొడవు 12.25గా పనిచేస్తుంది, కర్ణం సుమారు 13.23. ఎదుటి దిక్కున 11.75గా పనిచేస్తుంది, కర్ణం సుమారు 12.77. తేడా దాదాపు అయిదున్నర అంగుళాలు. 13 అడుగులన్న లెక్క రెండింటికీ వర్తించదు. దీర్ఘఘనంలో నాలుగు ఘన కర్ణాలూ సమానం; అవి సమానం కాకపోతే ముఖాల మధ్య లంబత్వం ఎక్కడో చెడిందని అర్థం.

7. ముగింపు:

శుల్బసూత్రాల అక్ష్ణయా రజ్జువు సమతలానికి చెందినది. ఆర్యభటీయపు ఊర్ధ్వభుజ దానికి నిలువు దిశను చేర్చింది. భాస్కరుని వ్యాఖ్యలో నేల మీద లభించిన కొలత నిలువు త్రిభుజంలో భుజంగా మారింది. d² = a² + b² + c² అని నేటి పాఠ్యపుస్తకాలు ఒక్క పంక్తిలో ఇచ్చే సూత్రంలో ఈ మార్పు కనిపించదు; మూడు వర్గాల కూడికగానే అది మనసులో నిలుస్తుంది. తెలుగులో రేఖలన్నింటికీ కర్ణమనే పేరు ఉండటం వల్ల ఆ మరుగు మరింత పెరుగుతుంది. అందువల్ల పరిభాషలో ‘ముఖ కర్ణం’, ‘ఘన కర్ణం’ అన్న భేదాన్ని పాటించడం, రెండవ త్రిభుజాన్ని గీసేటప్పుడు లంబకోణం ఏ రెండు రేఖల మధ్య ఉందో పేర్కొనడం అవసరం. సూత్రం చెల్లుబాటు ఆ రెండవ లంబకోణం మీదే ఆధారపడి ఉంది.