సెల్ రిఫరెన్స్ దోషాలు

స్ప్రెడ్‌షీట్‌లో ఒక ఫార్ములాను కాలమ్ పొడవునా కిందికి కాపీ చేసినప్పుడు, స్థిరంగా ఉండాల్సిన సెల్ చిరునామా జరిగిపోవడం, లేదా జరగాల్సింది కదలకపోవడం ఈ దోషం. బరంపురం పట్టుచీరల దుకాణం లెక్క ఒకటి చూద్దాం. B2, B3, B4లలో ధరలు 4000, 6000, 10000 ఉన్నాయి. E1లో పన్ను రేటు 5% ఉంది. C2లో రాసినది ఇది:

```
=B2*E1
```

C2లో సరిగ్గా 200 వస్తుంది. కిందికి లాగగానే C3లో `=B3*E2` అవుతుంది. E2 ఖాళీ కాబట్టి పన్ను సున్నా. అక్కడ మాటలుంటే `#VALUE!` కనిపిస్తుంది. వేరే అంకె ఉంటేనే అసలు ప్రమాదం: తప్పు జవాబు నమ్మదగినట్టే ఉంటుంది. C2 ఫార్ములాలోని E1 మీద కర్సర్ ఉంచి F4 నొక్కితే రేటు స్థిరపడుతుంది:

```
=B2*$E$1
```

B2కి కూడా డాలర్ గుర్తులు పెడితే అన్ని చీరలకూ 200 పన్నే పడుతుంది.

మొదటి వరుస ఎప్పుడూ సరిగానే ఉంటుంది గనుక దాన్ని చూసి తృప్తిపడకూడదు. చివరి సెల్‌లో F2 నొక్కితే, ఫార్ములా వాడుతున్న సెల్స్ చుట్టూ రంగు గీతలు పడతాయి. ఎక్సెల్ ఆకుపచ్చ త్రికోణం ఇక్కడ అంతగా పనికిరాదు. ఇలాంటి దోషాల్లో అది పక్క సెల్స్‌తో పొసగని ఫార్ములానే పట్టిస్తుంది, ఇక్కడేమో అన్నీ ఒకే తీరున తప్పాయి. మొత్తాలు సరిచూడటం మేలు: ధరల మొత్తం 20000, దానిపై 5% అంటే 1000. C కాలమ్ మొత్తం 200 వస్తే రేటు జారిపోయినట్టే, 600 వస్తే ధర కదలనట్టే.