జియోసింథటిక్ బలవర్ధిత మట్టి గోడ

దట్టించిన మట్టిలో జియోగ్రిడ్ పొరలు పరిచి కట్టే ఈ గోడ ఫ్లైఓవర్ అప్రోచ్‌లలో కనిపిస్తుంది. పొరల మధ్య ఎడం సాధారణంగా 0.8 మీటర్లు దాటదు. పొడవు గోడ ఎత్తులో 70 శాతంతో మొదలుపెడతారు. అడుగు పొరకు తెగే ప్రమాదం, పై పొరకు ఊడే ప్రమాదం ఎక్కువ.

ఉదాహరణకు గోడ 6 మీటర్లు, ఎడం 0.6, పొడవు 4.2, మట్టి ఘర్షణ కోణం 30 డిగ్రీలు, ఘనమీటరు బరువు 18 కిలోన్యూటన్లు అనుకుందాం. 0.3 మీటర్ల లోతు పొరలో 3.29 మీటర్లు జారే మట్టిలోనే ఉంటుంది. పట్టు మిగిలిన 0.91దే. దాని నిరోధం మీటరు వెడల్పుకు సుమారు 3 కిలోన్యూటన్లు. చదరపు మీటరుకు 12 కిలోన్యూటన్ల వాహన భారం కలిపితే లాగే బలం 3.5. భద్రతా గుణకం 1.5 కావాలంటే పొడవు 4.9 మీటర్లకు పెంచాలి. వాహన భారాన్ని పట్టు వైపు లెక్కించకూడదు. బండి ఎప్పుడూ అక్కడే నిలబడి ఉండదు కదా! 0.9 మీటర్ల లోతు పొరకు 4.2 చాలు.