పాల బిల్లు సరిగ్గా ఉందా? ఇంట్లోనే ఇలా లెక్క చూసుకోండి

వికారాబాద్ జిల్లా బంట్వారం లాంటి మండలాల్లో బర్రె పాలు పోసే రైతుకు సాధారణంగా పదిహేను రోజులకోసారి బిల్లు వస్తుంది. చాలామంది చేతికొచ్చే చివరి అంకె మాత్రమే చూస్తారు. తేడా జరిగితే అది ఆ అంకెలో కనిపించదు. అంతకుముందున్న వరుసల్లో, ముఖ్యంగా వెన్న శాతం దగ్గర కనిపిస్తుంది.

బర్రె పాలకు చాలాచోట్ల ధర లీటరును బట్టి కాదు, అందులోని వెన్నను బట్టి కడతారు. అందుకే ముందు తెలుసుకోవాల్సింది కిలో వెన్నకు డెయిరీ ఇస్తున్న రేటు. ఉదాహరణకు అది 800 రూపాయలు అనుకుందాం (మీ కేంద్రంలో రేటు వేరుగా ఉండొచ్చు, రేటు చార్టు అడిగి చూడండి). వెన్న శాతాన్ని 800తో గుణించి వందతో భాగిస్తే లీటరు ధర వస్తుంది. 6.0 వెన్నకు 48 రూపాయలు, 7.0 వెన్నకు 56 రూపాయలు.

ఇప్పుడు ఒక రోజు లెక్క చూద్దాం. ఉదయం 6 లీటర్లు, వెన్న 6.0. అంటే 288 రూపాయలు. సాయంత్రం 4 లీటర్లు, వెన్న 7.0. అంటే 224 రూపాయలు. రోజుకు 512, పదిహేను రోజులూ ఇలాగే పోస్తే 7,680 రూపాయలు. రెండు పూటల వెన్నను కలిపి సగటు 6.5 అని తీసుకుని లెక్క కడితే రోజుకు 520 వస్తుంది, అది తప్పు. ఉదయం పాలు ఎక్కువ, వెన్న తక్కువ కాబట్టి ఏ పూటది ఆ పూటకే కట్టాలి.

ఉదయం వెన్న 6.0కి బదులు 5.5 అని పడితే రోజుకు 24 రూపాయలు తగ్గుతాయి. పదిహేను రోజులకు 360. అలాగని వెన్న తగ్గిన ప్రతిసారీ మోసం అనుకోవద్దు. పొదుగులో చివర వచ్చే పాలలోనే వెన్న ఎక్కువ. ఆ చివరి పాలు దూడకు వదిలేస్తే, లేదా బర్రె సరిగా చేపకపోతే, క్యానులోకి వెన్న తక్కువ పాలే వస్తాయి. నమూనా తీసే ముందు పాలు బాగా కలపకపోయినా తేడా వస్తుంది. మీగడ పైకి తేలుతుంది కనుక అడుగు నుంచి తీస్తే శాతం తక్కువ చూపిస్తుంది. పాలు కలిపాకే నమూనా తీయమని అడగండి, యంత్రం తెరపై అంకె కనిపించేలా నిలబడండి. ఆ అంకె, చీటీ మీది అంకె ఒకటే కావాలి. 6.48ని 6.4గా వేస్తున్నారా అన్నదీ అక్కడే తెలుస్తుంది.

పరిమాణం దగ్గర ఒక చిన్న మెలిక ఉంది. లీటరు పాలు దాదాపు 1.03 కిలోలు తూగుతాయి. కాబట్టి పది లీటర్లంటే 10.3 కిలోలు. రేటు కిలో పాలకు ఉండి, చీటీలో లీటర్లు పడితే మన ఉదాహరణలో రోజుకు 15 రూపాయలకు పైగా తగ్గుతుంది. బిల్లుపై కిలోలా, లీటర్లా అన్నది, రేటు దేనికన్నది రెండూ కలవాలి. ఖాళీ క్యాను బరువు తీసేశారో లేదో కూడా చూడండి.

కొన్ని చార్టుల్లో వెన్నతో పాటు ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా ఉంటుంది. పాలలో వెన్న, నీరు పోగా మిగిలే ఘనపదార్థమది. అది తక్కువైతే రేటూ తగ్గుతుంది. ఆవు పాలకు ఇది మరింత ముఖ్యం.

ఇక కోతలు. 7,680లోంచి దాణా బస్తాకు 1,250, బర్రె అప్పు కిస్తీ 1,500 పోతే 4,930 రూపాయలు మీ ఖాతాలో పడాలి. ప్రతి కోతకూ పేరు, తేదీ ఉండాలి. ‘ఇతరాలు’ అని ఒకే అంకె ఉంటే వివరం అడగండి. దాణా తెచ్చిన రోజే డైరీలో రాసుకుంటే, తీసుకోని బస్తా బిల్లులోకి ఎక్కినప్పుడు చెప్పడానికి ఆధారం ఉంటుంది. అప్పు కిస్తీకి పాత బిల్లుతో పోల్చి మిగిలిన బాకీ అంతే తగ్గిందా చూడండి.

ప్రభుత్వ ప్రోత్సాహకాన్ని ఈ లెక్కలో కలపొద్దు. 2014లో తెలంగాణ ప్రభుత్వం విజయ డెయిరీకి పాలు పోసే రైతులకు లీటరుకు 4 రూపాయలు ప్రకటించింది. అది పాల ధర కాదు. అలాంటి మొత్తం ఏదైనా వస్తుంటే విడిగా రాసుకోండి, లేకపోతే పాల రేటు తగ్గిన సంగతి దాని చాటున కనిపించకుండా పోతుంది.

తేడా కనిపిస్తే రోజువారీ చీటీలతో కేంద్రం నిర్వాహకుణ్ని అడగండి. అక్కడ తేలకపోతే సంఘం ఉంటే సంఘానికి, తర్వాత డెయిరీ సూపర్‌వైజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. తూకంపైనే అనుమానం ఉంటే కాటాపై ముద్ర చూడండి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ఏటా తనిఖీ చేసి ముద్ర వేయాలి, ఫిర్యాదు కూడా ఆ శాఖకే.