కర్రపెండలం పచ్చిగా తినొచ్చా? దుంపలోని సయనైడ్ ఎలా పోతుంది

చలికాలం వచ్చిందంటే అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు దుంపల బండ్లు కనిపిస్తాయి. కంద, చేమ మన లంక భూముల్లోనే పండుతాయి. కర్రపెండలం మాత్రం ఎక్కువగా పెద్దాపురం, రంగంపేట, గండేపల్లి మెట్ట ప్రాంతంలో పండే పంట. బండి మీద దానికి అటూ ఇటూ చిలగడదుంపలు కూడా ఉంటాయి. చిలగడదుంపను పిల్లలు పచ్చిగానే కొరికి తినేస్తారు, ఏమీ కాదు. అదే అలవాటు కర్రపెండలం దగ్గర పనికిరాదు. తీపి రకమైనా సరే, పచ్చిగా తినకూడదు.

ఎందుకంటే ఈ దుంపలో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది. అది ఉన్నచోట ఉన్నంతసేపు సయనైడ్ కాదు. అదే దుంపలో లినమరేజ్ అనే ఎంజైమ్ వేరే చోట ఉంటుంది. దుంపను కోసినా, తురిమినా, నమిలినా కణాలు చిట్లి ఈ రెండూ కలుస్తాయి. అప్పుడే హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. మొక్క తనను తాను కాపాడుకునే పద్ధతి ఇది. తొక్కలో గుజ్జు కంటే ఎక్కువ ఉంటుంది, ఆకుల్లోనూ ఎక్కువే. మేకలు, పశువులు ఆకు మేసి పడిపోయేది అందుకే.

ఎంత తింటే ప్రమాదం? తీపి రకం అంటే కిలో పచ్చి దుంపకు 50 మిల్లీగ్రాముల లోపు సయనైడ్ వచ్చేది అని అంతర్జాతీయ ఆహార ప్రమాణం. మనిషికి ప్రాణాంతకమైన మోతాదు శరీర బరువు కిలోకు 0.5 నుంచి 3.5 మిల్లీగ్రాముల మధ్య అని అంచనా. ఇప్పుడు 20 కిలోల పిల్లవాడు 50 మిల్లీగ్రాములున్న పచ్చి దుంప 200 గ్రాములు తిన్నాడనుకోండి. అందులోంచి రాగలిగింది 10 మిల్లీగ్రాములు, అంటే కిలో బరువుకు 0.5. మొత్తం ఒంట్లో విడుదలవుతుందని కాదు గానీ, తీపి రకంతోనే ప్రమాదపు గీత దగ్గరికి వచ్చేశాం. చేదు రకాల్లో ఇది ఎన్నో రెట్లు ఉంటుంది. పిండి మిల్లుల కోసం వేసే రకాలు వండుకునే రకాలు ఒకటి కావు, పైగా వానల్లేని ఏడాది అదే రకంలో కూడా విషం పెరుగుతుంది. నాలుకకు చేదు తగిలితే ఉమ్మేయాల్సిందే. అలాగని చేదు లేదు కాబట్టి మంచిదని లెక్క కట్టలేం.

ఇక వండే సంగతి. ఉడికిస్తే విషం ఆవిరైపోతుందని చాలామంది అనుకుంటారు, సగమే నిజం. పుట్టిన హైడ్రోజన్ సయనైడ్ సుమారు 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి అది పోతుంది. కానీ లినమారిన్ వేడికి చలించదు. పెద్ద ముక్కల్ని మరిగే నీళ్లలో వేస్తే ఎంజైమ్ వెంటనే చచ్చిపోతుంది, లినమారిన్ అలాగే మిగులుతుంది. అది నీళ్లలో కరిగి బయటికి రావడమే మార్గం. ప్రయోగాల్లో 50 గ్రాముల ముక్కల్ని ఉడికిస్తే దాదాపు ముప్పావు వంతు లోపలే ఉండిపోయింది, 2 గ్రాముల ముక్కల్లో పావు వంతే మిగిలింది.

కాబట్టి ఇంట్లో చేయాల్సింది ఇది. తొక్క కింద ఉండే మందపాటి పొరతో సహా మొత్తం తీసేయాలి. చిన్న ముక్కలు కోసి కాసేపు నీళ్లలో ఉంచి ఆ నీళ్లు పారబోయాలి. తర్వాత ముక్కలు బాగా మునిగేలా ఎక్కువ చల్లనీళ్లు పోసి, మూత పెట్టకుండా మెత్తబడేదాకా ఉడికించాలి. ఆ నీళ్లూ పారబోయాలి, పులుసులో వాడకూడదు, పశువులకూ పెట్టకూడదు. ఆవిరి మీద ఉడికిస్తే, నిప్పుల్లో కాలిస్తే, నూనెలో వేయిస్తే లినమారిన్ కరిగిపోవడానికి నీళ్లుండవు, చాలావరకు అలాగే ఉంటుంది. చిప్స్ చేసుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

సగ్గుబియ్యం తింటున్నాం కదా, మరి అది? పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లుల్లో దుంపను తొక్క తీసి, కడిగి, మెత్తగా తురుముతారు. అక్కడే ఎంజైమ్ పని మొత్తం జరిగిపోతుంది. ఆ గుజ్జును నీళ్లతో వడగట్టి తొట్లలో పిండి పేరనిస్తారు, సయనైడ్ పైన తేలిన నీళ్లతో వెళ్లిపోతుంది. మిగిలిన కాస్తా పూసల్ని వేయించి ఎండబెట్టేటప్పుడు పోతుంది. అందుకే పాయసానికి భయం లేదు, మిల్లు వదిలిన నీళ్లకు మాత్రం ఉంది.

తేడా వస్తే ఏమవుతుందో ఉగాండాలో చూశారు. 2017 సెప్టెంబరులో కసెసే జిల్లాలో కర్రపెండలం పిండితో చేసిన ముద్ద తిని 98 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. పిండి కిలోకు 10 మిల్లీగ్రాములు మించకూడదు. అక్కడి నమూనాల్లో సగటున 88 వచ్చింది. ఆ పిండి చేదు దుంపది.

పచ్చి దుంప తిన్నాక కొద్ది గంటల్లో వాంతులు, కడుపునొప్పి, తలనొప్పి, కళ్లు తిరగడం, ఊపిరి వేగంగా ఆడటం కనిపిస్తే ఇంటి చిట్కాలతో ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో కర్రపెండలం తిన్నారని ముందే చెప్పండి, చెప్పకపోతే మామూలు ఫుడ్ పాయిజన్ అనుకునే అవకాశం ఉంది.