చెప్పులు కుట్టేవాడూ, ఐదొందల మందితో ఊడిపించేవాడూ: ఇద్దరూ "సూక్ష్మ"మే



ఉద్యమ్ సర్టిఫికెట్ ఇప్పుడు మన వాడల్లోనూ కనిపిస్తోంది. బ్యాంకు లోనుకు వెళ్తే అడుగుతారు, టెండరు వేస్తే అడుగుతారు. దాని మీద ముఖ్యంగా మూడు సంగతులు ఉంటాయి. సంస్థ సైజు: సూక్ష్మ, చిన్న, మధ్యతరహా. అది చేసే పని: తయారీ, సేవ, వ్యాపారం. యజమాని సామాజిక వర్గం: జనరల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ.

అక్కడ ఎంతమంది పనిచేస్తున్నారన్నది ఈ మూడింటిలోనూ లేదు. దరఖాస్తులో ఆ సంఖ్య అడుగుతారు, కానీ సైజు తేల్చడానికి దాన్ని వాడరు. ఒకప్పుడు మాత్రం ఈ దేశంలో "చిన్న పరిశ్రమ" అంటే ఏదో తేల్చడంలో ఆ సంఖ్యే ముందుండేది. అది లెక్కలోంచి ఎలా జారిపోయింది, జారిపోయాక ఎవరి లెక్క ఎవరితో కలిసిపోయింది అన్నదే ఈ భాగం.

1954లో కేంద్రం చిన్న పరిశ్రమల బోర్డు పెట్టింది. ఆ మరుసటి ఏడు చిన్న పరిశ్రమకు ఒక కొలత ఇచ్చారు. కరెంటు వాడితే 50 మంది లోపు, కరెంటు లేకుండా నడిస్తే 100 మంది లోపు పనివాళ్లుండాలి, పెట్టుబడి 5 లక్షలు దాటకూడదు. ఆ కొలతలో మనిషి ఉన్నాడు. చేత్తో చేసే పనికి ఎక్కువమంది కావాలన్న గమనింపు కూడా ఉంది.

1960లో మనుషుల లెక్క తీసేశారు. మిగిలింది పెట్టుబడి ఒక్కటే. 1966లో దాన్ని యంత్రాల ఖరీదుగా మార్చి 7.5 లక్షల గీత గీశారు. అక్కడి నుంచి గీత పైకే పోయింది: 1975లో 10 లక్షలు, 1980లో 20, 1985లో 35, 1991లో 60 లక్షలు. 1997లో ఒక్కసారిగా 3 కోట్లకు పోయి, 1999లో మళ్లీ 1 కోటికి దిగింది. ధరలు పెరిగినప్పుడు గీత పెరగడంలో తప్పేమీ లేదు. కాకపోతే గీత పెరిగిన ప్రతిసారీ అప్పటిదాకా "పెద్ద" అనిపించుకున్న కొందరు "చిన్న" వరుసలోకి వచ్చి నిలబడతారు. అదే లోను, అదే రిజర్వుడు వస్తువుల జాబితా, అదే రాయితీ వాళ్లకూ వస్తుంది.

ఈ చిక్కును ప్రభుత్వమే ఒకసారి గుర్తించింది. 1977 పారిశ్రామిక విధానంలో "టైనీ" అని కొత్త పేరు తెచ్చారు. యంత్రాల పెట్టుబడి 1 లక్ష లోపు ఉండాలి, 50 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో ఉండాలి. చిన్నలో కూడా చిన్నవాడున్నాడని, వాణ్ని విడిగా చూడకపోతే పైవాడే అంతా తింటాడని ఒప్పుకోవడం అది. 1991లో ఊరి జనాభా షరతు ఎత్తేసి పరిమితిని 5 లక్షలు చేశారు. 1997లో అది 25 లక్షలయింది.

ఇప్పుడు మనం వాడే పేర్లు 2006 చట్టం నుంచి వచ్చినవి. అది 2006 అక్టోబర్ 2న అమల్లోకి వచ్చింది. తయారీకీ సేవకూ వేరువేరు గీతలు పెట్టింది. తయారీలో యంత్రాలు 25 లక్షల లోపుంటే సూక్ష్మ. సేవలో పరికరాలు 10 లక్షల లోపుంటే సూక్ష్మ. టర్నోవరు ఎంతైనా లెక్కలోకి రాదు, పనివాళ్లు ఎంతమంది ఉన్నా లెక్కలోకి రారు.

ఇక్కడ ఆగి ఒక లెక్క వేద్దాం. ఇది ఊహించుకున్న సంస్థ, కానీ ఇలాంటివాళ్లు మీకు తెలిసే ఉంటారు. ఒక కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ టౌన్‌షిప్పులో పారిశుధ్యం కాంట్రాక్టు. కాంట్రాక్టరు దగ్గర 500 మంది స్వీపర్లు. నెలకు తలా 12 వేల జీతమంటే ఏడాదికి 7 కోట్ల 20 లక్షలు. పీఎఫ్, ఈఎస్ఐ, కాంట్రాక్టరు మిగులు కలిపితే టర్నోవరు దాదాపు 9 కోట్లు. చీపుర్లు, బండ్లు, ఒకటి రెండు క్లీనింగ్ మిషన్లు కలిపి పరికరాలు 8 లక్షలు. 2006 చట్టం కొలతలో ఈ 500 మంది సంస్థ "సూక్ష్మ". ఎందుకంటే అక్కడ యంత్రం లేదు. పని మొత్తం మనుషుల నడుములతో జరుగుతోంది కాబట్టి పెట్టుబడి తక్కువ, పెట్టుబడి తక్కువ కాబట్టి సంస్థ చిన్నది.

2020 జూలై 1 నుంచి ఉద్యమ్ వచ్చింది. తయారీకీ సేవకూ ఒకే గీత, పెట్టుబడితో పాటు టర్నోవరు కూడా చూస్తారు. సూక్ష్మ అంటే పెట్టుబడి 1 కోటి, టర్నోవరు 5 కోట్ల లోపు. రెండింటిలో ఏది దాటినా పై వర్గానికి పోతారు. మన కాంట్రాక్టరు టర్నోవరు 9 కోట్లు కాబట్టి అప్పుడు "చిన్న" అయ్యాడు. ఆ లెక్క కాస్త నిజానికి దగ్గరగా వచ్చింది.

తర్వాత 2025 ఏప్రిల్ 1 నుంచి గీతలు మళ్లీ జరిపారు. సూక్ష్మకు పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవరు 10 కోట్లు. చిన్నకు 25 కోట్లు, 100 కోట్లు. మధ్యతరహాకు 125 కోట్లు, 500 కోట్లు. మన కాంట్రాక్టరు దగ్గర ఏమీ మారలేదు. అదే 500 మంది, అదే 9 కోట్లు. అయినా మళ్లీ "సూక్ష్మ"లోకి వచ్చేశాడు.

పెట్టుబడి అన్నది కూడా ఇప్పుడు కొన్న ధర కాదు. ఆదాయపు పన్ను లెక్కల్లో తరుగు పోగా మిగిలిన విలువ. భూమి, భవనం, ఫర్నిచరు అందులో కలపరు. 3 కోట్లతో కొన్న యంత్రానికి ఏడాదికి 15 శాతం తరుగు తీస్తే మొదటి ఏడాది చివర 2 కోట్ల 55 లక్షలు, రెండో ఏడాది చివర 2 కోట్ల 17 లక్షలు. యంత్రం అదే, తీసే సరుకు అదే. టర్నోవరు 10 కోట్లు దాటకపోతే రెండేళ్లకు ఆ సంస్థ "చిన్న" నుంచి "సూక్ష్మ"కు దిగుతుంది. కాబట్టి సర్టిఫికెట్ మీద వర్గం మారిందంటే వ్యాపారం చితికిందనో పెరిగిందనో వెంటనే అనుకోకండి. గీత జరిగిందా, యంత్రం పాతబడిందా అని ముందు చూడండి.

ఇప్పుడు ఇదే "సూక్ష్మ" వరుసలో ఉన్న ఇంకో మనిషిని చూద్దాం. భార్యాభర్తలు, ఒక కుర్రాడు కలిసి తోలు చెప్పులు కుడతారు. రెండు కుట్టు మిషన్లు, తోలు అంచు పలచన చేసే మిషన్ ఒకటి. ఏడాదికి 15 లక్షల సరుకు. ఆయనకూ 9 కోట్ల కాంట్రాక్టరుకూ సర్టిఫికెట్ మీద ఒకే మాట. బ్యాంకులు తమ రుణాల్లో 7.5 శాతం సూక్ష్మ సంస్థలకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు లక్ష్యం పెట్టింది. ఆ లక్ష్యం నిండడానికి కొద్దిమంది పెద్ద సూక్ష్మలకు ఇస్తే చాలు. చెప్పులాయన గడప తొక్కకుండానే లెక్క సరిపోతుంది.

ఆయనకు రెండో గండం పని కోడు దగ్గర ఉంది. ఉద్యమ్‌లో ప్రతి పనికీ జాతీయ పారిశ్రామిక వర్గీకరణలో ఐదంకెల కోడు ఇవ్వాలి. తోలు చెప్పుల తయారీ 15201. చెప్పుల మరమ్మతు 95230. చిల్లర అమ్మకాల కోడ్లన్నీ 47తో మొదలవుతాయి. ఆయన కుడతాడు, ముందు గదిలో అమ్ముతాడు కూడా. ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు "ఏం పని?" అంటే "చెప్పుల షాపు" అంటాడు. కుర్రాడు వ్యాపారం కింద 47 కోడు ఎక్కిస్తాడు. సర్టిఫికెట్ వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే డబ్బు ఆగినప్పుడు. 2006 చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే ఏడాదికి 18 శాతం. 3 లక్షల బిల్లు ఆపితే మొదటి నెలకే 4,500 రూపాయలు. అయితే 2021 జూలైలో చిల్లర, టోకు వ్యాపారులను మళ్లీ ఉద్యమ్‌లోకి తీసుకున్నప్పుడు బ్యాంకుల ప్రాధాన్య రుణాల వరకే అని షరతు పెట్టారు. 45 రోజుల రక్షణ వాళ్లకు లేదు. ప్రభుత్వ కొనుగోళ్లలో కోటా కూడా లేదు. కుట్టిన మనిషి కాగితం మీద అమ్మేవాడైపోతే, ఫిర్యాదు పెట్టిన రోజున అవతలి వకీలు ముందు చూపించేది ఆ 47నే.

దీనికి మందు సులువే. ఒక మనిషికి ఒకే నమోదు, కానీ అందులో ఎన్ని పనులైనా చేర్చవచ్చు. udyamregistration.gov.in లో నమోదుకూ సవరణకూ రూపాయి ఖర్చు లేదు. మీ వాడలో సర్టిఫికెట్లు చూసినప్పుడు ముందు కోడు మొదటి రెండంకెలు చూడండి. తయారుచేసే మనిషికి 47 ఒక్కటే ఉంటే, సరుకు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే సరిచేయించండి.

ఇక మూడో సంగతి, సామాజిక వర్గం. 2012 నుంచి అమల్లో ఉన్న కొనుగోళ్ల విధానం కేంద్ర మంత్రిత్వ శాఖలకూ కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకూ వర్తిస్తుంది. అవి ఇప్పుడు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి కొనాలి. సొంత సంస్థ అయితే యజమాని ఎస్సీ, ఎస్టీ అయి ఉండాలి. భాగస్వామ్యం, ప్రైవేటు కంపెనీ అయితే కనీసం 51 శాతం వాటా వాళ్ల చేతిలో ఉండాలి. సగం సగం వాటా పెట్టుకుంటే చాలదు. ఎస్సీ, ఎస్టీ సంస్థలు టెండరుకు రాకపోయినా, షరతులకు తూగకపోయినా ఆ 4 శాతాన్ని మిగతా సూక్ష్మ, చిన్న సంస్థలతో నింపుకోవచ్చని అదే విధానంలో ఉంది.

ఇప్పుడు ఆ 500 మంది దగ్గరికి మళ్లీ వెళ్దాం. కాంట్రాక్టరు ఎస్సీ అయితే ఆ 9 కోట్లూ 4 శాతం లెక్కలో పడతాయి. కాకపోతే 25 శాతం లెక్కలో పడతాయి. ఊడ్చే చేతులు ఎవరివన్నది ఏ లెక్కలోనూ పడదు. ఈ దేశంలో ఊడ్చే పనిలో ఎవరున్నారో వేరే చెప్పనక్కర్లేదు. ఆ కాగితంలో కులం గడి ఉంది, అది యజమానికి. మనిషిని లెక్కపెట్టే కొలత ఉండేది, దాన్ని 1960లోనే తీసేశారు.

అందుకే "మేం 4 శాతం లక్ష్యం చేరాం" అని ఏ కేంద్ర సంస్థైనా చెప్పినప్పుడు అంకె దగ్గర ఆగకండి. సమాచార హక్కు కింద నాలుగు ప్రశ్నలు వేయండి. ఆ డబ్బు ఎన్ని సంస్థలకు వెళ్లింది? ఒక్కోదానికి ఎంత వెళ్లింది? ఒక్కోదాని పని కోడు ఏమిటి? కూలీలతో నడిచే కాంట్రాక్టుల్లో ఎంతమంది పనిచేశారు? 4 శాతం మూడు పెద్ద కాంట్రాక్టులతో నిండిందా, ముప్పై చిన్న పనిశాలలతో నిండిందా అన్నది ఈ జవాబుల్లోనే తేలుతుంది.