దీపావళికి బస్సు దొరకనోడి కథలో ఏ స్లైడు ముందు?

మొన్నామధ్య మా మంచిర్యాల దోస్తు ఒకడు ల్యాప్‌టాప్ పట్టుకుని కరీంనగర్ వచ్చాడు. వరికోత మిషన్లను ఫోన్లో బుక్ చేసుకునే యాప్ ఒకటి కట్టాడు. హైదరాబాదులో ఒక ఇన్వెస్టర్ ముందు చూపిస్తే మూడో స్లైడు దగ్గరే ఆపేశాడట. "గీ స్లైడ్లు ఏది ముందు ఏది ఎనుక పెట్టాల్నో జర చూడరా" అన్నాడు. తెరిచి చూశాను. మొదటి స్లైడు మావాడి టీము, రెండోది సర్వర్లూ డేటాబేసూ బాణం గుర్తులూ, మూడోది "మాకు 50 లక్షలు కావాలి". ఎవరి బాధ తీర్చడానికి అన్నది ఏడో స్లైడుకి గానీ రాలేదు!

వాడికి పాఠం చెప్పేంత అనుభవం నాకు లేదు. అందుకని మన పక్క జిల్లా చరిత్ర ఒకటి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నా.

నిజామాబాద్ జిల్లాలో పుట్టిన ఫణీంద్ర సామ బిట్స్ పిలానీలో చదివి, బెంగుళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పని చేసేవాడు. 2005 దీపావళికి ఇంటికి పోదామంటే బస్సు టికెట్ దొరకలేదు. ట్రావెల్ ఏజెంట్ల చుట్టూ తిరిగి తిరిగి రూముకి వచ్చేశాడు. ఆ విసుగులోంచే 2006 ఆగస్టులో రెడ్‌బస్ పుట్టింది. సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు అతనితో కలిసిన స్నేహితులు. 2007లో సీడ్‌ఫండ్ పెట్టుబడి పెట్టింది. 2013లో ఐబిబో కొనేసింది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. పండక్కి ఊరెళ్ళడానికి బస్సు కోసం నిలబడ్డ ప్రతివాడూ "అరె, ఈ ఐడియా నాకు రాలేదే" అనుకునే కథ కూడాను.

కానీ ఈ కథని ఇలాగే స్లైడ్లలో పెడితే డబ్బులు రావు. "పండక్కి టికెట్ దొరకలేదు" అంటే వినేవాడి జవాబు సిద్ధంగా ఉంటుంది: పండక్కి ఎవరికీ దొరకదు, బస్సులు తక్కువ, జనం ఎక్కువ. అది సీట్ల కొరత. వెబ్‌సైట్ పెడితే సీట్లు పెరగవు కదా!

ఫణీంద్ర ఇంటికి పోలేక ఊరికే కూర్చోకుండా, అసలు ఈ టికెట్లు ఎలా అమ్ముతారో కనుక్కోవడం మొదలుపెట్టాడు. అక్కడ తేలింది వేరే సంగతి. సీట్ల లెక్క ఆపరేటర్ దగ్గర కాగితం చార్టు మీద ఉంటుంది. ఏజెంటు తనకి తెలిసిన నలుగురు ఆపరేటర్లకి ఫోన్ కొడతాడు. వాళ్ళ దగ్గర లేకపోతే "లేవు" అంటాడు. అతనికి తెలియని అయిదో ఆపరేటర్ బస్సు ఖాళీ సీట్లతో బయల్దేరినా బయల్దేరవచ్చు. ఒక పక్క టికెట్ లేక వెనక్కిపోయే మనిషి, ఇంకో పక్క మనిషి లేక ఖాళీగా పోయే సీటు. ఇది కొరత కాదు, సమాచారం అందకపోవడం. దీన్ని సాఫ్ట్‌వేర్ తీర్చగలదు.

నా దృష్టిలో సమస్య స్లైడు అంటే ఇదీ. నీకు నొప్పి ఎక్కడ తెలిసిందన్నది ఒకటి, ఆ నొప్పికి కారణం ఎక్కడుందన్నది రెండు. మొదటిది ఒక్క వాక్యంలో చెప్పి, రెండోదాని మీద నిలబడాలి. చాలామంది మొదటిదాని దగ్గరే కళ్ళనీళ్ళు పెట్టుకుని, గబుక్కున పరిష్కారానికి దూకేస్తారు. మధ్యలో కారణం మాయం. అప్పుడు వినేవాడికి ఆ పరిష్కారం ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది.

తరవాతది ఇంకా తమాషా. వీళ్ళు ముందు అనుకున్న పరిష్కారం టికెట్లు అమ్మడం కాదు. ఆపరేటర్లకీ ఏజెంట్లకీ సాఫ్ట్‌వేర్ రాసిద్దామనుకున్నారు. ఉత్తినే ఇస్తామన్నా ఆపరేటర్లు వద్దన్నారు. వాళ్ళ పని కాగితం మీద బాగానే జరుగుతోంది, కంప్యూటర్ ఎందుకు? అప్పుడు దారి మార్చి, సాఫ్ట్‌వేర్ మాట పక్కనపెట్టి, "మీ సీట్లు కొన్ని మాకివ్వండి, అమ్మిపెడతాం" అన్నారు. ఒక ఆపరేటర్ అయిదు సీట్లు ఇచ్చాడు. అవి అమ్ముడుపోయాక మిగతావాళ్ళు వినడం మొదలుపెట్టారు. ఆపరేటర్ల సాఫ్ట్‌వేర్ తరవాత్తరవాత, నమ్మకం కుదిరాక వచ్చింది.

ఈ ఓడిపోయిన మొదటి ప్రయత్నాన్ని డెక్‌లో దాచాలా, చెప్పాలా? మావాడైతే దాచాలన్నాడు. నేను చెప్పాలంటాను, అదీ సమస్యకీ పరిష్కారానికీ సరిగ్గా మధ్యలో. ఎందుకంటే సమస్య వినగానే తెలివైన ఇన్వెస్టర్‌కి ముందు తట్టేది అదే: "మరి ఆపరేటర్లకి సాఫ్ట్‌వేర్ అమ్మొచ్చుగా?" ఆ ప్రశ్న వాడి నోట్లోంచి రాకముందే "అడిగాం, వద్దన్నారు, కారణం ఇదీ" అని ఉంటే, తరవాతి స్లైడులో సీట్లు అమ్మడం తప్ప వేరే దారి లేదని వాడికే అనిపిస్తుంది. అదే ప్రశ్న మూడు స్లైడ్ల తరవాత వస్తే మనం సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు ఉంటుంది. అవే మాటలు, చోటు మారింది, అంతే.

మార్కెట్ ఎంత, పోటీ ఎవరు, టీము ఎవరు, ఇవన్నీ ఈ వెన్నెముక మీద తగిలించుకునేవే. వాటి గురించి పెద్దగా కొట్టుకోనక్కర్లేదు. టీముకి గొప్ప చరిత్ర ఉంటే ముందుకి తేవచ్చు. మనలాంటి మామూలు ఇంజనీర్లకి వెనకే మేలు.

ఇక డబ్బు అడిగే స్లైడు. ఎయిర్‌బీఎన్‌బీ వాళ్ళు తొలినాళ్ళలో చూపించిన డెక్ ఇప్పుడు అందరికీ దొరుకుతుంది. సమస్య, పరిష్కారం, ఇలాంటివి జనం ఇప్పటికే వాడుతున్నారన్న రుజువు, మార్కెట్, ఇలా సాగుతుంది. అడిగింది 5 లక్షల డాలర్లు. కానీ ఉత్త అంకె కాదు: ఈ డబ్బుతో 12 నెలల్లో 80,000 బుకింగుల దాకా వెళ్తామని పక్కనే ఉంది. డబ్బు అయిపోయేనాటికి ఏం రుజువవుతుందో వాళ్ళే చెప్పేశారన్నమాట. రెడ్‌బస్ లాంటి కథలో అయితే ఆ రుజువు కావాల్సింది ఏమిటి? బెంగుళూరులో కొద్దిమంది ఆపరేటర్లతో కుదిరినది, మనల్ని ఎవరూ ఎరగని ఇంకో ఊళ్ళో కుదురుతుందా అన్నది. అంటే అడిగే డబ్బు ఊళ్ళ లెక్కలో ఉండాలి. ఆ అనుమానం ముందు స్లైడ్లలో పుట్టి ఉంటేనే చివర్లో అంకెకి అర్థం. మూడో స్లైడులో 50 లక్షలంటే, అది దేనికి జవాబో ఎవరికి తెలుసు?

ఇదంతా విన్నాక మావాడు కాసేపు గమ్మున కూర్చున్నాడు. "అయితే నాది గూడ గంతేనా? యాసంగిల మిషన్ దొరకలేదని రైతు ఏడుస్తడు, గది నొప్పి. మరి కారణం?" అన్నాడు. నువ్వే చెప్పాలి అన్నాను. వాడి మేనమామకి జగిత్యాల దగ్గర ఒక కోతమిషన్ ఉంది. అక్కడే ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టి.

"మామా, సీజన్ల నీ మిషన్ ఖాళీగ ఉంటదానె?"

"ఎందుకుండదు బిడ్డా! గంటకింత అని కిరాయి. ఒక ఊర్ల పని అయిపోయినంక ఇంకో ఊరికి ఎవడన్న పిలిచేదాంక ఆడనే పండుతది. ఏజెంటు చెప్తె పోతం, లేకపోతె లేదు."

"మరి నా యాప్ పెట్టుకుంటవా?"

"నాకెందుకురా గవన్ని. పని ఉంటె చెప్పు, డ్రైవర్‌ను తోలిస్త."

మావాడు ఫోన్ పెట్టేసి, ఆ బాణం గుర్తుల స్లైడు తీసేశాడు. తరవాత 50 లక్షల స్లైడుని చివరికి లాగి, అంకె చెరిపేసి, ఎన్ని మండలాలకి ఎంతవుతుందో కాగితం మీద లెక్క వెయ్యడం మొదలుపెట్టాడు. చీకటి పడేసరికి కూడా తేలలేదు. మంచిర్యాల ఆఖరి బస్సు పోతుందని లేచాడు. టికెట్ మాత్రం ఫోన్లోనే తీసుకున్నాడు లెండి.